క్రెడిట్ కార్డు చెల్లింపులపై సర్‌చార్జీ: ఎంత వేయాలి, ఎలా ముందే చెప్పాలి

హనుమకొండ నయీంనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఉందనుకుందాం. కోర్సు ఫీజు రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.5,400, మొత్తం రూ.35,400. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు ప్రతిసారీ ఆఫీసుకు రాలేరు కనుక వారికి వాట్సాప్‌లో పేమెంట్ లింకు పంపుతారు. క్రెడిట్ కార్డుతో కట్టినవారి ఫీజులో, ఆ లింకును నడిపే పేమెంట్ గేట్‌వే సంస్థ 2 శాతం పట్టుకుంటుంది, ఆ రుసుముపై మళ్లీ 18 శాతం జీఎస్టీ వేస్తుంది. అంటే రూ.35,400 కట్టించుకుంటే రూ.708 రుసుము, రూ.127.44 జీఎస్టీ పోయి మీ ఖాతాలో రూ.34,564.56 మాత్రమే పడుతుంది. ఈ ఖర్చును కార్డు వాడినవారి నుంచే రాబట్టాలనుకుంటే ఏ క్రమంలో వెళ్లాలో ఈ ఒక్క సెంటర్ లెక్కతోనే చెబుతాను. మీ గేట్‌వే రేటు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందుగా, సర్‌చార్జీ అవసరమా అని తేల్చుకోండి

గేట్‌వే డ్యాష్‌బోర్డులో సెటిల్‌మెంట్ రిపోర్టు దించుకొని, గడచిన ఏడాది చెల్లింపులను పద్ధతి వారీగా విడదీయండి: యూపీఐ ఎంత, డెబిట్ కార్డు ఎంత, క్రెడిట్ కార్డు ఎంత, నెట్ బ్యాంకింగ్ ఎంత. ఈ పని చేయకుండానే చాలామంది «ఆన్‌లైన్ చార్జీ» అంటూ ఒకే శాతాన్ని అందరి మీదా వేస్తారు. అన్యాయం మొదలయ్యేది అక్కడే.

నూరుగురు విద్యార్థుల్లో పదిమంది తల్లిదండ్రులే క్రెడిట్ కార్డు వాడారనుకోండి. గేట్‌వే వేసే జీఎస్టీని పక్కన పెడితే మీకు అయిన ఖర్చు పది రూ.708లు, అంటే రూ.7,080. దాన్ని నూరుగురికీ పంచితే తలకు రూ.71 కూడా కాదు. వచ్చే బ్యాచ్ ఫీజును ఆ మేరకు సవరించుకుంటే నోటీసులు, వేర్వేరు రసీదులు, కౌంటర్ దగ్గర వాదనలు, గేట్‌వేతో ఉత్తరప్రత్యుత్తరాలు అన్నీ తప్పుతాయి. ఆ మార్గమే మేలని నేను చాలాసార్లు అనుకుంటాను. అయితే సగంమంది క్రెడిట్ కార్డే వాడుతున్నప్పుడు, లేదా నగదు, యూపీఐలతో కట్టే కుటుంబాలు కార్డు వాడేవారి ఖర్చును ఎందుకు మోయాలన్న అభ్యంతరం మీకే బలంగా తోచినప్పుడు సర్‌చార్జీ ఆలోచన సబబే.

వేటిపై వేయకూడదో ముందే తీసివేయండి

యూపీఐని జాబితా నుంచి మొదటే తొలగించండి. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపులపై ఎండీఆర్, అంటే ఒక్కో చెల్లింపుపై వ్యాపారి నుంచి పట్టుకునే రుసుము, లేదు. పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలోని సెక్షన్ 10ఏ ప్రకారం ఈ చెల్లింపులపై బ్యాంకు గానీ, వ్యవస్థను నడిపే సంస్థ గానీ చెల్లించేవారి నుంచో, పుచ్చుకునేవారి నుంచో నేరుగా లేదా పరోక్షంగా చార్జీ తీసుకోకూడదు. ఆ నిషేధం బ్యాంకులకు గదా, మాకేం అడ్డమని వాదించేవారు ఉంటారు. కానీ లేని ఖర్చును ఖర్చుగా చూపి తల్లిదండ్రుల దగ్గర వసూలు చేయడాన్ని ఏ నోటీసూ న్యాయంగా మార్చలేదు. గేట్‌వే సంస్థ తన సాఫ్ట్‌వేర్ సేవకు యూపీఐ చెల్లింపులపై కూడా ప్లాట్‌ఫాం ఫీజు తీసుకుంటుంటే, అది మీ వ్యాపార ఖర్చు, దాన్ని కోర్సు ఫీజులోనే కలుపుకోండి. యూపీఐలోనూ రూపే క్రెడిట్ కార్డును జోడించి కట్టేవారు ఉంటారు, వారి చెల్లింపుపై మీకు కొంత రుసుము పడవచ్చు. అయితే క్యూఆర్ స్కాన్ చేసే మనిషి ఏ ఖాతా నుంచి కడతారో మీకు ముందు తెలియదు కనుక, యూపీఐ అన్న దేనిమీదా అదనం లేదన్న ఒకే నియమం పెట్టుకోవడం క్షేమం.

డెబిట్ కార్డు విషయంలో మాట ఇంకా సూటిగా ఉంది. డెబిట్ కార్డుతో కట్టేవారిపై దుకాణదారులు శాతం లెక్కన రుసుము వేయడం సమర్థనీయం కాదని, అలాంటి వ్యాపారులతో బ్యాంకు సంబంధం తెంచుకోవాల్సి ఉంటుందని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. 2017 డిసెంబర్ 6 నాటి ఉత్తర్వులో డెబిట్ కార్డు ఎండీఆర్‌కు పరిమితులు పెడుతూ, వ్యాపారులు ఆ భారాన్ని వినియోగదారులపై వేయకుండా చూడాల్సిన బాధ్యతను బ్యాంకులకే అప్పగించింది. 2018 జనవరి 1 నుంచి అమలైన ఆ పరిమితులు ఇవి: ముందటి ఆర్థిక సంవత్సరంలో టర్నోవర్ రూ.20 లక్షల వరకు ఉన్న వ్యాపారికి గరిష్ఠంగా 0.40 శాతం, ఒక్కో చెల్లింపుపై రూ.200 దాటకూడదు. అంతకు మించిన టర్నోవర్ ఉంటే 0.90 శాతం, రూ.1,000 దాటకూడదు. మన కోచింగ్ సెంటర్ రెండో కోవలోకి వస్తే రూ.35,400పై రూ.318.60 వరకు పోతుంది. దీన్ని మీరే భరించాలి. మీ రిపోర్టులో డెబిట్ కార్డుకు ఇంతకంటే ఎక్కువ పట్టుకున్నట్టు కనబడితే ఆ భారాన్ని తల్లిదండ్రులపై వేయడం కాదు, గేట్‌వేను లిఖితపూర్వకంగా అడగడం మీ పని.

ముద్రిత ఎమ్మార్పీ ఉన్న సరుకు సంగతి వేరు. మీరు స్టడీ మెటీరియల్‌తో పాటు బయటి ప్రచురణ పుస్తకాలను, ప్యాక్ చేసిన వస్తువులను అమ్ముతుంటే వాటి బిల్లును విడిగా కట్టి, సర్‌చార్జీ లెక్కలోంచి తప్పించండి. ప్యాకెట్‌పై ఉన్న గరిష్ఠ ధరను మించి వసూలు చేయడం తూనికలు కొలతల శాఖ నిబంధనల ప్రకారం నేరం.

మిగిలింది క్రెడిట్ కార్డు. నెట్ బ్యాంకింగ్‌పై కూడా గేట్‌వే రుసుము ఉంటుంది గానీ, మన దగ్గర దాన్ని వాడేవారు తక్కువ. దానికోసం మరో వరుస రేటు పెట్టేకంటే లింకులో ఆ ఐచ్ఛికాన్నే ఆపేసి, బ్యాంకు ఖాతాకు నేరుగా పంపే సౌకర్యం ఇవ్వడం సులువు.

గేట్‌వే నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి

క్రెడిట్ కార్డుపై అదనపు రుసుము వేయవచ్చా లేదా అన్నది చాలావరకు మీరు సంతకం చేసిన మర్చంట్ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఖాతా తెరిచినప్పుడు «అంగీకరిస్తున్నాను» అని నొక్కి వదిలేసిన పత్రమే అది. దాన్ని తెరిచి సర్‌చార్జీ, కన్వీనియన్స్ ఫీజు, అదనపు చార్జీలు అన్న మాటలున్న నిబంధనలను వెతకండి. కార్డు నెట్‌వర్కుల నియమాలను పాటిస్తానని కూడా అందులో మీరు ఒప్పుకొని ఉంటారు, ఆ నియమాలు సర్‌చార్జీకి అడ్డు చెబుతుంటే ఒప్పందం కూడా అడ్డు చెప్పినట్టే.

ఆ తర్వాత ఫోనులో కాకుండా ఈమెయిల్‌లో మూడు ప్రశ్నలు అడగండి. దేశీయ క్రెడిట్ కార్డు చెల్లింపులపై మా సంస్థ సర్‌చార్జీ వేయడానికి ఒప్పందం అనుమతిస్తుందా? చెల్లించేవారే రుసుము భరించే సెట్టింగు మీ దగ్గర ఉందా, ఉంటే దాన్ని క్రెడిట్ కార్డుకు మాత్రమే పెట్టవచ్చా? ఆ సెట్టింగులో రుసుముకు ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఎవరి పేరున వస్తుంది? జవాబు «కుదరదు» అని వస్తే ఇక్కడితో ఆగి, ఖర్చును కోర్సు ఫీజులో కలిపే పాత దారి పట్టండి. అనుమతి లేకుండా వేసిన సర్‌చార్జీపై ఒక్క తల్లిదండ్రి ఫిర్యాదు చేసినా, గేట్‌వే మీ సెటిల్‌మెంట్‌ను నిలిపివేసే అవకాశం ఉంటుంది. అడ్మిషన్ల జూన్ నెలలో అది జరిగితే జీతాలకు కూడా ఇబ్బందే.

రుసుమును ఎవరు వసూలు చేయాలో ఎంచుకోండి

దారులు రెండు. ఒకటి, గేట్‌వేయే తన రుసుమును చెల్లింపు పేజీలో తల్లిదండ్రుల నుంచి తీసుకోవడం. అప్పుడు వారు రూ.35,400కు రూ.708, దానిపై జీఎస్టీ రూ.127.44 కలిపి రూ.36,235.44 కడతారు, మీ ఖాతాలో రూ.35,400 పూర్తిగా పడుతుంది. లెక్క తేలిక. అయితే ఈ సెట్టింగును ఆన్ చేసినప్పుడు యూపీఐకి, డెబిట్ కార్డుకు కూడా అది వర్తించకుండా చూసుకోవాలి. రుసుము ఇన్‌వాయిస్ మీ పేరునే వస్తుంటే, తల్లిదండ్రులు కట్టిన ఆ జీఎస్టీని మీరు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకునే ముందు, ఆ మొత్తాన్ని మీ బిల్లులో చూపాలో వద్దో ఆడిటర్‌ను అడగండి.

రెండోది, మీరే మీ బిల్లులో సర్‌చార్జీని ఒక వరుసగా చూపి వసూలు చేయడం. ఎక్కువమంది లెక్క తప్పేది ఇందులోనే కనుక దీన్ని నిదానంగా చూద్దాం.

మొదటి సంగతి ఏమిటంటే, గేట్‌వేకు పోయిన రూ.835.44 మొత్తం మీ ఖర్చు కాదు. మీరు మామూలు పద్ధతిలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారైతే, గేట్‌వే వేసిన రూ.127.44 జీఎస్టీ మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. మీ అసలు ఖర్చు రూ.708. తల్లిదండ్రుల నుంచి 2.36 శాతం తీసుకొని, మరోవైపు ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వాడుకుంటే ఒకే జీఎస్టీని రెండుసార్లు రాబట్టినట్టు అవుతుంది.

రెండో సంగతి, మీరు వసూలు చేసే సర్‌చార్జీకి కూడా జీఎస్టీ పడుతుంది. సరఫరాదారు తన కొనుగోలుదారు నుంచి తీసుకునే అనుబంధ ఖర్చులు కూడా సరఫరా విలువలో భాగమేనని సీజీఎస్టీ చట్టం సెక్షన్ 15 చెబుతుంది. కోచింగ్‌కు 18 శాతం కనుక సర్‌చార్జీకీ 18 శాతమే. «బ్యాంకు చార్జీ గదా, మాకేం మిగలదు» అని దాన్ని బిల్లు బయట తీసుకుంటే, అది లెక్కలో లేని వసూలుగా మిగిలిపోతుంది.

ఈ రెండూ కలిపి చూడండి. సర్‌చార్జీ రూ.708, దానిపై జీఎస్టీ రూ.127.44 వేసి రూ.36,235.44 కట్టించుకున్నారనుకోండి. ఇప్పుడు గేట్‌వే తన 2 శాతాన్ని రూ.35,400పై కాకుండా ఈ కొత్త మొత్తంపై లెక్కిస్తుంది, అది రూ.724.71 అవుతుంది. మీరు తీసుకున్నది రూ.708, పోయింది రూ.724.71, ఇంకా రూ.16.71 లోటు. సర్‌చార్జీపై కూడా రుసుము పడటమే ఈ లోటుకు కారణం. పైసలతో సహా రాబట్టాలంటే లెక్క ఇలా ఉంటుంది:

```
708 ÷ (1 − 0.02 × 1.18) = 708 ÷ 0.9764 = 725.11
```

అంటే సర్‌చార్జీ రూ.725.11, దానిపై జీఎస్టీ రూ.130.52, మొత్తం బిల్లు రూ.36,255.63. దానిపై 2 శాతం సరిగ్గా రూ.725.11.

లెక్క తెలిసి ఉండటం మంచిదే గానీ, రూ.725.11 అన్న అంకెను నోటీసు బోర్డుపై రాయమని నేను చెప్పను. అది ఎలా వచ్చిందో కౌంటర్ దగ్గరి మనిషి అర నిమిషంలో వివరించలేడు. కిందికి దించి రూ.700 పెట్టండి. దానిపై జీఎస్టీ రూ.126. క్రెడిట్ కార్డుతో కట్టేవారి మొత్తం రూ.36,226. ఆ మొత్తంపై గేట్‌వే రుసుము రూ.724.52 కనుక ఒక్కో చెల్లింపుకు మీకు రూ.24.52 తగ్గుతుంది. ఆ తగ్గుదలకు బదులుగా మీకు దక్కేది ఒక గట్టి వాక్యం: «మాకైన ఖర్చుకు మించి మేము తీసుకోవడం లేదు.» ఇది రసీదుతో రుజువు చేయగలిగిన మాట. రూ.750కి పైకి సవరిస్తే ఆ మాట అనే హక్కు పోతుంది.

కార్పొరేట్ కార్డులకు, విదేశీ కార్డులకు గేట్‌వే రేటు ఎక్కువగా ఉంటుంది. వాటికి విడిగా రేటు పెట్టకండి. మామూలు దేశీయ క్రెడిట్ కార్డు రేటునే అందరికీ ఆధారంగా తీసుకొని, అరుదుగా వచ్చే తేడాను మీరే భరించండి. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి ఈ రెండో దారిలోకి దిగకపోవడమే మంచిది. ఆయనకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, కొనేవారి నుంచి జీఎస్టీ వసూలు చేసే వీలూ ఉండదు.

చెల్లింపు పద్ధతి ఎంచుకునే ముందే చెప్పండి

ప్రకటన న్యాయంగా ఉందో లేదో తేల్చడానికి నేను చూసే గుర్తు ఒక్కటే: కార్డు నంబరు కొట్టడానికి ముందే ఆ మనిషికి రూపాయల్లో తుది మొత్తం తెలిసిందా, రుసుము లేని దారి అదే చోట కనబడిందా? «2 శాతం చార్జీలు వర్తిస్తాయి» అన్న వాక్యం ఈ పరీక్షలో నిలవదు. దేనిపై 2 శాతమో, జీఎస్టీ ఉందో లేదో అందులో లేదు. తక్కువ ధర చూపించి చివరి అడుగులో రుసుములు బయటపెట్టే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ప్రకటించిన మార్గదర్శకాల్లో డార్క్ ప్యాటర్న్‌గా పేర్కొంది. అక్కడ దాని పేరు డ్రిప్ ప్రైసింగ్. రిజర్వ్ బ్యాంకు కూడా 2020 మార్చిలో పేమెంట్ అగ్రిగేటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో కన్వీనియన్స్ ఫీజు వంటివి ఉంటే ముందుగానే చూపాలని చెప్పింది.

మన సెంటర్‌కు సరిపోయే ప్రకటన ఇలా ఉండవచ్చు:

> కోర్సు ఫీజు రూ.30,000, జీఎస్టీ రూ.5,400, మొత్తం రూ.35,400.
> యూపీఐ, డెబిట్ కార్డు, బ్యాంకు ఖాతాకు నేరుగా బదిలీ, నగదు: ఏ అదనపు రుసుమూ లేదు.
> క్రెడిట్ కార్డు: సర్‌చార్జీ రూ.700, దానిపై జీఎస్టీ రూ.126 అదనం. కట్టవలసిన మొత్తం రూ.36,226.
> క్రెడిట్ కార్డు చెల్లింపుపై గేట్‌వే సంస్థ మా నుంచి తీసుకునే రుసుము కోసమే ఈ సర్‌చార్జీ. ఇది మా ఖర్చుకు మించదు.
> వాయిదాల్లో కట్టేవారికి ప్రతి క్రెడిట్ కార్డు వాయిదాపై ఆ వాయిదా మేరకే సర్‌చార్జీ ఉంటుంది.

ఇందులో రుసుము లేని పద్ధతులు ముందు వచ్చాయి, కార్డు తర్వాత వచ్చింది. ఆ వరుసను మార్చకండి. సర్‌చార్జీని ప్రభుత్వ పన్ను అనో, బ్యాంకు నిబంధన అనో రాయకండి, వేయాలని నిర్ణయించింది మీరే. రుసుము లేని దారి నిజంగా పనిచేస్తున్నదీ లేనిదీ కూడా చూసుకోండి. యూపీఐకి మామూలు రోజువారీ పరిమితి రూ.1 లక్ష కనుక రూ.35,400కు అడ్డు లేదు. కానీ కౌంటర్ మీద అతికించిన క్యూఆర్ చిరిగిపోయి, నగదు ఇస్తే «క్యాషియర్ లేరు» అని తిప్పి పంపితే, నోటీసులో ఏం రాసినా తల్లిదండ్రులకు మిగిలేది కార్డు ఒక్కటే.

ఈ ప్రకటన నాలుగు చోట్ల ఒకే మాటలతో, ఒకే అంకెలతో ఉండాలి: ఫీజు వివరాల కరపత్రం, కౌంటర్ దగ్గర కంటి ఎత్తులో ఉండే బోర్డు, లింకుతో పాటు పంపే వాట్సాప్ సందేశం, చెల్లింపు పేజీ. వీటిలో ఎక్కువగా తప్పేది వాట్సాప్ సందేశమే. లింకు ఒకరు పంపుతారు, ఫీజు మాట ఇంకొకరు చెబుతారు. ఆ తర్వాత పరకాల నుంచి ఫోను వస్తుంది: «సార్, మీరు ముప్పై అయిదు వేల నాలుగు వందలన్నరు గదా, ఈడ ముప్పై ఆరు వేలు దాటి చూపెడ్తున్నది.» ఆ ఫోను వచ్చిందంటే ప్రకటన చేరలేదన్నమాట. సందేశాన్ని ముందే తయారు చేసి పెట్టి, ఆఫీసులో ఎవరు లింకు పంపినా ఆ సందేశం లేకుండా పంపకూడదన్న నియమం పెట్టండి. మీరే సర్‌చార్జీ వసూలు చేసే పద్ధతిలో రెండు లింకులు ఉండటం మంచిది: యూపీఐ, డెబిట్ కార్డు మాత్రమే తెరిచి ఉన్న రూ.35,400 లింకు ఒకటి, క్రెడిట్ కార్డుకు మాత్రమే రూ.36,226 లింకు మరొకటి. మీ గేట్‌వే లింకులో డెబిట్, క్రెడిట్ కార్డులను వేరు చేసే వీలు లేకపోతే ఈ దారిని ఎంచుకోకండి. డెబిట్ కార్డు ఉన్న మనిషి పొరపాటున రెండో లింకులో కట్టే ప్రమాదం ఉంటుంది.

కౌంటర్‌లో కార్డు మెషీను వాడితే ఆ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. రెండు రకాల కార్డులూ చూడటానికి ఒకేలా ఉంటాయి. మొత్తాన్ని మెషీనులో కొట్టకముందే కార్డుపై డెబిట్ అని ఉందా, క్రెడిట్ అని ఉందా అని క్యాషియర్ చదవాలి, «ఇది క్రెడిట్ కార్డు మేడమ్, ఎనిమిది వందల ఇరవై ఆరు రూపాయలు ఎక్కువ పడుతుంది, ఫోన్‌పేలో కడితే పడదు, ఎట్ల కడతారు?» అని అడిగి, జవాబు విన్నాకే అంకె కొట్టాలి. కార్డుపై ఏ మాటా స్పష్టంగా లేకపోతే సర్‌చార్జీ లేకుండానే తీసుకోవాలి.

అమలుకు ముందు డబ్బు పెట్టి పరీక్షించండి

రూ.2,500కు ఒక లింకు తయారు చేసి, ఒకసారి యూపీఐతో, ఒకసారి డెబిట్ కార్డుతో, ఒకసారి క్రెడిట్ కార్డుతో మీరే కట్టండి. రూపాయి, పది రూపాయలతో పరీక్షించకండి. రూ.2,000 వరకు ఉండే కార్డు చెల్లింపుల సెటిల్‌మెంట్ సేవపై జీఎస్టీ మినహాయింపు ఉంది, చిన్న మొత్తంతో చేసిన పరీక్షలో అసలు రేటు కనబడకపోవచ్చు. క్రెడిట్ కార్డు చెల్లింపుకు రూ.50 రుసుము, రూ.9 జీఎస్టీ పోయి రూ.2,441 ఖాతాలో పడితే మీ 2 శాతం లెక్క సరైనదే. అంతకంటే తక్కువ పడితే మీ రేటు మీరనుకున్నది కాదు. యూపీఐ చెల్లింపు చేసేటప్పుడు తెరపై రూ.2,500 కాకుండా వేరే అంకె కనబడితే, సెట్టింగు అన్ని పద్ధతులకూ ఆన్ అయి ఉంది. సరిచేసేవరకు ఏ లింకూ బయటకు పంపకండి.

మొదటి నెల చివర క్రెడిట్ కార్డు చెల్లింపుల నుంచి వసూలైన సర్‌చార్జీని, జీఎస్టీ మినహాయించి, ఒక పక్కన రాయండి. అదే చెల్లింపులపై గేట్‌వే తీసుకున్న రుసుమును, దాని జీఎస్టీ మినహాయించి, మరో పక్కన రాయండి. మన లెక్కలో పది చెల్లింపులకు మొదటిది రూ.7,000, రెండోది రూ.7,245.20 రావాలి. మొదటిది పెద్దదైతే ఎక్కడో ఎక్కువ వసూలవుతోంది. డెబిట్ కార్డు పొరపాట్లు సాధారణంగా ఇక్కడే దొరుకుతాయి, అలా తీసుకున్నది అడగకముందే తిరిగి ఇవ్వండి.

రసీదు, వాపసు, రేటు మార్పు

రసీదులో కోర్సు ఫీజు, క్రెడిట్ కార్డు సర్‌చార్జీ వేర్వేరు వరుసల్లో ఉండాలి, జీఎస్టీ రెండింటిపైనా కనబడాలి. రసీదు మొత్తం, కార్డు స్టేట్‌మెంట్‌లో పడే మొత్తం ఒకటే కావాలి. ఆ రెండూ వేరైతే తల్లిదండ్రులు తమ బ్యాంకులో ఆ చెల్లింపును సవాలు చేసినప్పుడు మీ దగ్గర చూపడానికి కాగితం ఉండదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు వెళ్లినా ముందు అడిగేది ఆ రసీదునే.

వాపసు విషయం ఫీజు కట్టకముందే తేల్చాలి. మీరు డబ్బు తిరిగి పంపినా గేట్‌వే సాధారణంగా తన రుసుమును తిరిగి ఇవ్వదు. కనుక బ్యాచ్ మీరే రద్దు చేస్తే సర్‌చార్జీతో సహా రూ.36,226 మొత్తం తిరిగి ఇవ్వండి, ఆ నష్టం మీది. విద్యార్థి తనంతట తాను మానుకుంటే సర్‌చార్జీ తిరిగి రాదని నియమం పెట్టుకోవచ్చు గానీ, ఆ ఒక్క వాక్యం పై ప్రకటనలోనే ఉండాలి, దరఖాస్తు వెనుక పేజీలో చిన్న అక్షరాల్లో కాదు. రెండు సందర్భాల్లోనూ తిరిగి ఇచ్చిన మొత్తానికి క్రెడిట్ నోట్ రాయాలి, లేకపోతే ఇచ్చేసిన డబ్బుపై కూడా మీరు జీఎస్టీ కడుతూనే ఉంటారు.

గేట్‌వే రేటు తగ్గినట్టు ఈమెయిల్ వస్తే ఆ రోజే కొత్త అంకె లెక్కకట్టి నాలుగు చోట్లా మార్చండి. పెరిగితే తొందరపడకండి: అప్పటికే కరపత్రం తీసుకొని వెళ్లిన తల్లిదండ్రులకు పాత అంకెనే ఉంచి, కొత్తది తర్వాతి బ్యాచ్ ప్రకటనతో మొదలుపెట్టండి. పాత కరపత్రాల కట్ట కౌంటర్ కింద మిగిలిపోయి ఉంటుంది, దాన్ని తీసేయడం మరవకండి.